ప్రతి వేసవిలోనూ వచ్చిన ఖర్చు, ఏ ప్రణాళికలోనూ లేదు

తెలంగాణలో ఒక చిన్న గ్రామ పంచాయతీలో నేను కారోబార్‌ని. ఇంటిపన్ను వసూలు, రశీదులు, క్యాష్ బుక్, వోచర్లు నా పని. 2022 అక్టోబరులో 2023-24 గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారు చేస్తూ, పాత ఖర్చులన్నీ ఒక చోటికి తెమ్మని కార్యదర్శి మేడమ్ చెప్పారు. అంతకుముందు ఏటా ప్రణాళిక అంటే పనుల జాబితాయే: ఫలానా వాడలో సీసీ రోడ్డు, ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటి దాకా మురుగు కాలువ. కట్టి చూపించగలిగినదే జాబితాలోకి వచ్చేది. మొదలుపెట్టిన కాలువల్లో ఒకటి మాత్రం ఏటా సగంలో ఆగిపోయేది. ఎందుకని అడిగితే వేసవి ఖర్చులకు డబ్బు అయిపోయిందని అందరూ చెప్పేవాళ్లు. ఆ ఖర్చు ఎంతో ఎవరికీ తెలియదు.

2019-20 నుంచి మూడేళ్ల వోచర్ల కట్టలు విప్పాను. క్యాష్ బుక్‌లో పద్దుల వారీగా చూస్తే పెద్దగా ఏమీ కనిపించలేదు. అందుకని పద్దులు పక్కన పెట్టి తేదీల వారీగా పేర్చాను. అప్పుడు బయటపడింది.

ఒక ఏప్రిల్ వారంలో తాగునీటి బోరు మోటారు కాలిపోయింది, అప్పటి ఖర్చులు చూడండి. మోటారు రీవైండింగ్ 6,200 రూపాయలు, బుష్‌లకూ థ్రస్ట్ బేరింగ్‌కూ 1,800. ఈ రెండూ ‘తాగునీటి నిర్వహణ’ పద్దులో ఉన్నాయి. బోరులోంచి పైపులు పైకి తీసి మళ్లీ దింపిన కూలి 3,500, అది ‘చిల్లర ఖర్చులు’. కేబుల్, జాయింట్ సామాను 1,100, అది వీధి దీపాల బల్బులతో కలిసి ‘విద్యుత్ సామగ్రి’. మోటారు బాగయ్యే దాకా తిప్పిన ట్యాంకర్లకు 1,600, అది ‘వేసవి నీటి సరఫరా’. మొత్తం 14,200 రూపాయలు. నీటి పద్దు ఒక్కటే చూసేవాళ్లకు కనిపించేది 8,000. నాలుగు పద్దుల్లో ఎవరూ తప్పు రాయలేదు, ప్రతి వోచరూ సక్రమమే. కాని ఒకే సంఘటన నాలుగు ముక్కలై నాలుగు చోట్లకు పోయింది.

ఇలా మూడేళ్లకు కూడితే 31,400, 27,200, 43,900. అంటే 1,02,500 రూపాయలు, ఏడాదికి సగటున 34 వేల పైమాట. మొత్తం ఎనిమిది సార్లు మోటార్లు కాలాయి. దీన్ని అనుకోని ఖర్చు అనడానికి నా మనసు ఒప్పలేదు. ఏటా వచ్చేదాన్ని అనుకోవలసిందే. ఈ డబ్బంతా ఇంటిపన్ను రాబడితో నడిచే సాధారణ నిధి నుంచి పోయింది. మార్చి దాటాక ఆ నిధిలో మిగిలేది తక్కువ. అందుకే మెకానిక్‌కు డబ్బు అందేసరికి వర్షాకాలం వచ్చేది, కాలువ ఆగిపోయేది.

ఇంకో సంగతి కూడా వోచర్లే చెప్పాయి. ఎనిమిదింటిలో ఐదు బడి వెనక బోరువే. మండల కేంద్రంలో వైండింగ్ చేసే మెకానిక్ దగ్గరికి ఆ రశీదులు పట్టుకుని వెళ్లాను. ఆయన కాలిన వేరే మోటారు ఒకటి విప్పి చూపించాడు.

“అన్నా, ఒక ఫేజు తెగి కాలితే కొన్ని చుట్లే పాడవుతాయి, మిగతావి బాగుంటాయి. మీ బడి బోరు మోటారు ఎప్పుడు వచ్చినా చుట్లన్నీ ఒకేలా కరిగిపోయి ఉంటాయి. అది నీళ్లు లేకుండా తిరిగింది” అన్నాడు.

సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న నీరే. ఏప్రిల్, మే నెలల్లో బోరులో మట్టం కిందికి పోతుంది. కాసేపు తోడాక నీళ్లు అయిపోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, వేడెక్కుతుంది. మా ఊళ్లో దానికి ఆటో స్టార్టర్ బిగించి ఉంది. రాత్రి కరెంటు పోయి వస్తే దానంతటదే మొదలవుతుంది, దగ్గర మనిషి ఉండడు. తెల్లవారి ట్యాంకు ఎక్కదు. నీళ్లు వదిలే మల్టీపర్పస్ కార్మికుడిని అడిగితే, కాలిపోయిందని తెలిసేది ఎప్పుడూ పొద్దున్నేనని చెప్పాడు.

నీళ్లు తోడుతున్నప్పుడు ఆ 5 హెచ్‌పీ మోటారు ఎనిమిది ఆంపియర్లకు అటూఇటూగా తీసుకుంటుంది. నీళ్లు లేకుండా తిరిగితే భారం తగ్గి మీటరు సూది కిందికి పడుతుంది. ఆ తేడాను గుర్తించి మోటారును ఆపేసే రిలే ఉంటుంది. స్టార్టర్ పెట్టెలోనే బిగించవచ్చు. దాని ధర ఒక్క రీవైండింగ్‌కయ్యే దానికన్నా తక్కువే.

ఇక దీన్ని ప్రణాళికలోకి ఎక్కించడం. అప్పట్లో కేంద్రం నుంచి పంచాయతీకి వచ్చే 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం నిర్దేశిత పనులకే వాడాల్సి ఉండేది. అందులో సగం పారిశుధ్యానికి, సగం తాగునీరు, వాన నీటి సంరక్షణ వంటి వాటికి. తాగునీటి వాటాను కొత్త పైపులైన్లకే వాడాలని మా సభ్యులు చాలామంది అనుకునేవాళ్లు. ఉన్న పథకాల నిర్వహణకూ వాడవచ్చని మేడమ్ మార్గదర్శకాలు తెరిచి చూపించారు. జీతాలకూ కార్యాలయ నిర్వహణకూ మాత్రం కుదరదన్నారు. అందుకే ఈ పనిలో మా కార్మికుడి వేతనం కలపలేదు.

మోటార్ల నిర్వహణకు 35 వేలు ప్రతిపాదించాం. గ్రామసభలో అభ్యంతరం వచ్చింది. “కాలని మోటారుకు ఇప్పుడే డబ్బు రాయడం ఏమిటి? ఆ 35 వేలు కాలువలో వేయండి, కాలినప్పుడు చూసుకుందాం” అన్నారు ఒక వార్డు సభ్యుడు. మూడేళ్ల లెక్క చదివి వినిపించాను. ఆయన వార్డులో ఆగిన కాలువ ఏ నెలలో ఆగిందో, ఆ నెలలో ఏ మోటారు కాలిందో కూడా చెప్పాను. వెనక కూర్చున్న ఒక మహిళా సంఘం సభ్యురాలు లేచి, “మోటారు కాలిన ప్రతిసారీ బిందెలతో ట్యాంకరు దగ్గర నిలబడేది మేము. మొదట అది రాయండి సారూ” అన్నారు. తీర్మానం అయింది.

పంచాయతీ ప్రణాళికలు ఎక్కించే ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో నమోదు చేసేటప్పుడు ఒక చిక్కు. పని ఎక్కడ జరుగుతుందో చూపించాలి. ఏ బోరు కాలుతుందో ముందే ఎవరు చెప్పగలరు? ఒక్క బోరు పేరు రాస్తే రెండోది కాలినప్పుడు ఆ పని కింద చెల్లించలేం. ఆమోదం పొందిన ప్రణాళికలో లేని పనికి ఆ నిధి కదలదు. అందుకని ‘గ్రామ తాగునీటి పథకం నిర్వహణ: మోటార్లు, పైపులు, కేబుల్’ అని ఊరు మొత్తానికి ఒకే పనిగా 35,000 రూపాయలకు రాశాం. రిలేలను విడిగా, రెండు బోర్లకు పెట్టాం. పైపులు తీసి దింపే కూలి ఈసారి అంచనాలోనే కలిపాం, మళ్లీ చిల్లర ఖర్చుల్లోకి జారిపోకుండా.

2023 మే నెలలో చెరువు కింది బోరు మోటారు కాలింది. అది ఫేజు తెగి కాలింది, నీళ్లు లేకపోవడం వల్ల కాదు. మెకానిక్‌కు అదే నెలలో డబ్బు అందింది. బడి వెనక బోరు ఆ వేసవిలో చాలాసార్లు దానంతటదే ఆగింది. జనం నీళ్లు తక్కువ వస్తున్నాయని అడిగారు, అది నిజమే. రిలే మోటారును కాపాడుతుంది కాని నీళ్లు పుట్టించదు. ఆ బోరును ఫ్లషింగ్ చేయించి పూడిక తీయించాలా, ఇంకుడు గుంత తవ్వించాలా అన్నది తరువాతి ఏడాది ప్రణాళికలో చర్చకు పెట్టాం. క్యాష్ బుక్ చివరి పేజీల్లో మోటార్లకు ఒక పట్టిక గీశాను: తేదీ, బోరు పేరు, కాలిన తీరు, అన్ని పద్దులూ కలిపిన ఖర్చు. మోటారు పైకి తీసిన రోజే అది నింపుతున్నాను.