ఒక్క గ్రాఫ్ పట్టుకుని ఫిజియాలజీ ఆన్సర్లు రాయడం నేర్చుకున్నాను

మాది భూపాలపల్లి. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం వరంగల్‌లో చదివాను. ఫిజియాలజీ రెండు పేపర్లు. ఒక్కో పేపర్‌కు 100 మార్కులు, 3 గంటల టైమ్. లెక్క వేస్తే మార్కుకు రెండు నిమిషాలు కూడా రావు. పది మార్కుల ఎస్సేకు 18 నిమిషాలు దొరుకుతాయి, బొమ్మ కూడా అందులోనే వేయాలి. చదివింది గుర్తున్నా ఆ 18 నిమిషాల్లో పేపర్ మీద ఎట్లా పెట్టాలన్నది వేరే విద్య అని నాకు మొదటి ఇంటర్నల్స్ తర్వాత అర్థమైంది.

ఆ రోజు మా మేడం పేర్లు కనబడకుండా మడిచి రెండు ఆన్సర్ షీట్లు మా ముందు పెట్టారు. రెండింట్లోనూ ఒకటే ప్రశ్న, ఆక్సిజన్-హిమోగ్లోబిన్ డిసోసియేషన్ కర్వ్ గురించి రాయమని. ఆక్సిజన్ ప్రెషర్‌ను బట్టి రక్తంలోని హిమోగ్లోబిన్ ఎంత ఆక్సిజన్ పట్టుకుంటుందో చూపే గీత అది. ఒకరు మూడు పేజీలు నింపారు. ఇంకొకరు రెండు పేజీలు కూడా రాయలేదు, కానీ మార్కులు వాళ్లకే ఎక్కువ. "ఇద్దరికీ సబ్జెక్ట్ వచ్చు. ఒక్కరికే వచ్చినట్టు పేపర్‌లో కనబడుతోంది" అన్నారు మేడం. ఆ చిన్న ఆన్సర్‌లో మొదటి వాక్యం డెఫినిషన్. దాని కిందే గ్రాఫ్. ఆ తర్వాత రాసిన ప్రతి పేరా ఆ గ్రాఫ్‌లోని ఏదో ఒక భాగం గురించే. పెద్ద ఆన్సర్‌లో కూడా అవే విషయాలున్నాయి, కాకపోతే బోర్ ఎఫెక్ట్ రెండో పేజీ మధ్యలో ఒకసారి, మూడో పేజీ చివర మరోసారి వచ్చింది. గ్రాఫ్ ఆఖర్లో, మిగిలిన కాస్త జాగాలో ఇరుక్కుంది.

అప్పటి నుంచి ఈ ఒక్క ప్రశ్న మీదే కూర్చున్నాను. దీన్ని బాగా రాయడం వస్తే మిగతావి వాటంతట అవే దారిలో పడతాయని నా నమ్మకం. ఎందుకంటే ఇందులో బొమ్మ ఉంది, అంకెలున్నాయి, కారణాలున్నాయి, పేషెంట్ దగ్గర పనికొచ్చే సంగతీ ఉంది.

ముందు గ్రాఫ్. హాస్టల్‌లో పక్క రూమ్ సీనియర్ అక్క నేను వేసింది చూసి, "వంకర బాగనే వచ్చింది గని, అడ్డగీత మీద ఏముంది, నిలువుగీత మీద ఏముంది? యూనిట్లు ఏవి?" అంది. అడ్డగీత మీద ఆక్సిజన్ పార్షియల్ ప్రెషర్, మిల్లీమీటర్స్ ఆఫ్ మెర్క్యురీలో. నిలువుగీత మీద హిమోగ్లోబిన్ సాచురేషన్, శాతంలో. ఈ రెండూ రాయకపోతే అది గ్రాఫ్ కాదు, వట్టి గీత. అక్క చెప్పిన ఇంకో మాట నాకు చాలా పనికొచ్చింది. ఎస్ ఆకారాన్ని గుర్తుపెట్టుకుని గీయొద్దు, ముందు నాలుగు చుక్కలు పెట్టుకుని కలుపు అంది. ప్రెషర్ 27 దగ్గర సాచురేషన్ 50 శాతం, 40 దగ్గర 75, 60 దగ్గర 90, 100 దగ్గర 97. సున్నా నుంచి మొదలుపెట్టి ఈ నాలుగు చుక్కల మీదుగా పోతే వంపు దానంతటదే సరిగ్గా వస్తుంది. 50 శాతం నుంచి చుక్కల గీత అడ్డంగా కర్వ్ దాకా లాగి, అక్కడి నుంచి కిందికి దించితే పీ-50 దొరుకుతుంది. 40 దగ్గర వీనస్ బ్లడ్ అని, 100 దగ్గర ఆర్టీరియల్ బ్లడ్ అని రాస్తాను. ఇదంతా పెన్సిల్‌తో నాలుగు నిమిషాలు.

చాలామందికి చిక్కు వచ్చేది రైట్ షిఫ్ట్ దగ్గర, అంటే కర్వ్ కుడికి జరిగేది గీసేటప్పుడు. మొత్తం కర్వ్‌ను ఎత్తి పక్కకు జరిపినట్టు గీస్తారు. అప్పుడు కొత్త గీత సున్నా దగ్గర కాకుండా పది దగ్గర మొదలవుతుంది. అంటే ప్రెషర్ పది వచ్చేదాకా హిమోగ్లోబిన్ ఒక్క ఆక్సిజన్ కూడా పట్టుకోదని అర్థం, అది తప్పు. మామూలు కర్వ్, కుడికి జరిగింది, ఎడమకు జరిగింది, మూడూ సున్నా దగ్గరే మొదలై మధ్యలో విడిపోయి, పైన మళ్లీ దగ్గరకు రావాలి. మేడం నా నోట్‌బుక్ చూసేటప్పుడు ముందు వేలు పెట్టేది ఆ సున్నా దగ్గరే. మధ్యలోనే ఎందుకు విడిపోతాయో తెలిసినవాళ్లకు ఈ గీత తప్పిపోదు. ఊపిరితిత్తుల్లో ప్రెషర్ ఎక్కువ కాబట్టి షిఫ్ట్ అయినా లోడింగ్‌కు పెద్దగా నష్టం ఉండదు. లాభం టిష్యూల దగ్గర, అన్‌లోడింగ్‌లో. ఈ రెండు వాక్యాలూ నేను ఆన్సర్‌లో తప్పకుండా రాస్తాను.

గ్రాఫ్ అయ్యాక ఆకారానికి కారణం రాయాలి. "ఈ కర్వ్ సిగ్మాయిడ్‌గా ఉంటుంది" అని వదిలేస్తే సగమే చెప్పినట్టు. హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ పట్టుకునే హీమ్‌లు నాలుగు. ఒకదానికి ఆక్సిజన్ అతుక్కోగానే మాలిక్యూల్ బిగుతుగా ఉండే టీ రూపం నుంచి వదులైన ఆర్ రూపం వైపు మారుతుంది, దాంతో మిగతా హీమ్‌లకు అఫినిటీ, అంటే ఆక్సిజన్‌ను పట్టుకునే గుణం, పెరుగుతుంది. దీన్నే కోఆపరేటివ్ బైండింగ్ అంటారు. ఈ మాట కింద గీత గీస్తాను. తర్వాత పై భాగానికి ఒక వాక్యం: అక్కడ కర్వ్ చదునుగా ఉంది కాబట్టి ప్రెషర్ 100 నుంచి 60కి పడినా సాచురేషన్ 90 దగ్గర నిలబడుతుంది. నిటారు భాగానికి ఒక వాక్యం: అక్కడ ప్రెషర్ కాస్త తగ్గినా ఆక్సిజన్ బాగా విడుదలవుతుంది. మామూలుగా విశ్రాంతిలో ఉన్నప్పుడు ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తం టిష్యూలకు దాదాపు 5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఇస్తుంది. ఈ ఒక్క అంకె ఇక్కడ పెడితే పేరాకు బలం వస్తుంది. అంతకంటే ఎక్కువ అంకెలు నేను పెట్టను.

షిఫ్ట్‌ల పేరా రాసేటప్పుడు ఫ్యాక్టర్ల పేర్లు వరుసగా రాసి దులిపేసుకోవడం సులువు. హైడ్రోజన్ అయాన్లు, కార్బన్ డయాక్సైడ్, టెంపరేచర్, ఎర్ర రక్తకణాల్లో ఉండే 2,3-డీపీజీ పెరిగితే కుడి వైపు. ఇది అందరూ రాస్తారు. మేడం చూసేది ఆ పక్కన ఉండే మూడు మాటలు: అఫినిటీ తగ్గుతుంది, పీ-50 పెరుగుతుంది, అన్‌లోడింగ్ పెరుగుతుంది. ఈ మూడూ కలిసే ఉండాలి. పీ-50 పెరిగింది అని రాసి పక్కనే అఫినిటీ పెరిగింది అని రాసిన పేపర్లు వస్తాయట. రెండూ ఎదురెదురు మాటలు. రాసినవాళ్లు బట్టీ పట్టారని అక్కడే తెలిసిపోతుంది. ఒక్కో ఫ్యాక్టర్‌కు సగం వాక్యం కారణం కూడా ఇస్తాను. 2,3-డీపీజీ ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ బీటా చైన్లకు అతుక్కుని టీ రూపాన్ని నిలబెడుతుంది. ఫీటల్ హిమోగ్లోబిన్‌లో బీటాకు బదులు గామా చైన్లు, వాటికి డీపీజీ సరిగ్గా అతుక్కోదు, అందుకే కర్వ్ ఎడమకు జరుగుతుంది, అందుకే బిడ్డ తల్లి రక్తం నుంచి తక్కువ ప్రెషర్ దగ్గర కూడా ఆక్సిజన్ తీసుకోగలదు. ఇట్లా ఒక "అందుకే" నుంచి ఇంకో "అందుకే"కు పోయేటట్టు రాస్తే ఎస్సే దానంతటదే నడుస్తుంది.

బోర్ ఎఫెక్ట్, హాల్డేన్ ఎఫెక్ట్ తారుమారు కాకుండా నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఏ గ్యాస్ మీద ప్రభావం పడుతోందో వాక్యం మొదట్లోనే రాస్తాను. బోర్‌లో ఆక్సిజన్ మీద, టిష్యూల దగ్గర: కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ అయాన్లు పెరిగితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదులుతుంది. హాల్డేన్‌లో కార్బన్ డయాక్సైడ్ మీద, ముఖ్యంగా ఊపిరితిత్తుల దగ్గర: ఆక్సిజన్ అతుక్కుంటే హిమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది.

షార్ట్ ఆన్సర్‌కు పద్ధతి కొంచెం వేరు. పాత ప్రశ్న పత్రాలు జిరాక్స్ తెచ్చుకుని చూస్తే, "ఎందుకు" అని అడిగేవాటిలోనే నేను ఎక్కువ ఆగిపోతున్నానని గమనించాను. నేను బాగా సాధన చేసింది ఇది: హిమోగ్లోబిన్ సగానికి పడిపోయిన అనీమియా పేషెంట్ నడవగలడు, సగం హిమోగ్లోబిన్‌ను కార్బన్ మోనాక్సైడ్ పట్టేసిన మనిషి ప్రాణాపాయంలో ఉంటాడు, ఎందుకు? మా నాన్న సింగరేణిలో పని చేస్తాడు. గనిలో ఆ గ్యాస్ అంటే ఎంత జాగ్రత్తగా ఉంటారో ఇంట్లో వింటూ పెరిగాను. కాబట్టి ఈ ప్రశ్న నాకు వట్టి నాలుగు మార్కుల వ్యవహారం కాదు.

నేను ఇట్లా రాస్తాను. మొదటి వాక్యంలోనే జవాబు: రెండింటిలోనూ ఆక్సిజన్ కంటెంట్ సగమే, కానీ కార్బన్ మోనాక్సైడ్‌లో మిగిలిన హిమోగ్లోబిన్ కూడా ఆక్సిజన్‌ను సరిగ్గా వదలదు. తర్వాత కారణం: కార్బన్ మోనాక్సైడ్‌కు హిమోగ్లోబిన్ మీద అఫినిటీ ఆక్సిజన్ కంటే 200 రెట్ల పైనే, అది అతుక్కున్న మాలిక్యూల్‌లో మిగతా హీమ్‌లు ఆర్ రూపంలోకి వెళ్లి ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటాయి, కర్వ్ ఎడమకు జరుగుతుంది. తర్వాత ఫలితం: టిష్యూల్లో ప్రెషర్ బాగా పడిపోతే తప్ప ఆక్సిజన్ విడుదల కాదు. అనీమియాలో దీనికి విరుద్ధంగా 2,3-డీపీజీ పెరిగి కర్వ్ కుడికి జరుగుతుంది, ఉన్న కొద్ది ఆక్సిజన్ సులువుగా దిగుతుంది.

దీని పక్కన చిన్న గ్రాఫ్ కూడా వేస్తాను. ఇక్కడే ఒక మెలిక ఉంది. నిలువుగీత మీద సాచురేషన్ శాతం పెడితే అనీమియా కర్వ్ దాదాపు మామూలు కర్వ్ లాగే ఉంటుంది, తేడా ఏమీ కనబడదు. సాచురేషన్ అంటే ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత నిండిందన్న లెక్కే కదా. ఈ ప్రశ్నకు నిలువుగీత మీద ఆక్సిజన్ కంటెంట్ పెట్టాలి, 100 మిల్లీలీటర్ల రక్తానికి ఇన్ని మిల్లీలీటర్లని. మామూలు కర్వ్ 20 దగ్గర చదునవుతుంది. అనీమియాది 10 దగ్గర, ఎస్ ఆకారంలోనే. కార్బన్ మోనాక్సైడ్‌ది కూడా 10 దగ్గరే, కానీ మొదట్లోనే నిటారుగా లేచి ఎడమ వైపు ఒరిగి ఉంటుంది. ఆ మూడు గీతలు చూస్తే నాలుగు వాక్యాల జవాబు అక్కడే కనబడుతుంది. మేడంకు చూపిస్తే యాక్సిస్ మార్చినందుకే ఎక్కువ సంతోషించారు.

అన్ని ప్రశ్నలకూ గ్రాఫ్ కుదరదు. రెనిన్-యాంజియోటెన్సిన్ సిస్టమ్ లాంటి వాటికి బాణాలతో ఫ్లోచార్ట్ వేయాలి, ప్రతి బాణం మీద ఆ పని చేసే ఎంజైమ్ పేరు రాయాలి. బాణం మీద ఏమీ రాయని ఫ్లోచార్ట్ నా దృష్టిలో యూనిట్లు లేని గ్రాఫ్‌తో సమానం. బొమ్మలో పెట్టిన ప్రతి లేబుల్ కింద రాతలో కనీసం ఒకసారి రావాలని కూడా అలవాటు చేసుకున్నాను. రాని లేబుల్‌ను బొమ్మలోంచి తీసేస్తాను.

యూనివర్సిటీ పరీక్షలో ఈ కర్వ్ రాలేదు, కార్డియాక్ సైకిల్ వచ్చింది. ఒక వాక్యం డెఫినిషన్ రాసి, లెఫ్ట్ ఏట్రియం, లెఫ్ట్ వెంట్రికల్, అయోర్టా ప్రెషర్ గీతలు ఒకదాని మీద ఒకటి వేసి, అవి ఒకదాన్నొకటి దాటే చోట్ల వాల్వ్‌లు తెరుచుకోవడం, మూసుకోవడం గుర్తు పెట్టాను. సిస్టోల్, డయాస్టోల్ పేరాలన్నీ ఆ చోట్ల నుంచే మొదలుపెట్టి రాశాను. టైమ్ చూసుకుంటే ఇంకా రెండు నిమిషాలుంది. హార్ట్ సౌండ్స్ ఎక్కడ వస్తాయో కూడా గ్రాఫ్ మీద గుర్తు పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లాను.