ఫ్లోర్ వార్డెన్‌గా నా మొదటి డ్రిల్: లెక్కకు రాని ఒకరు

మా కార్యాలయ భవనానికి ఐదంతస్తులు, రెండు మెట్ల మార్గాలు ఉన్నాయి. మంటలు రేగితే మూడో అంతస్తును ఖాళీ చేయించే ఫ్లోర్ వార్డెన్‌గా నన్ను నియమించిన వారంలోనే అగ్నిప్రమాద డ్రిల్ నోటీసు వచ్చింది. గురువారం ఉదయం 11 గంటలకు అలారం మోగుతుందనీ, అకౌంట్స్ విభాగం వారు ముందున్న పార్కింగ్ స్థలంలో, మిగిలినవారు వెనుక మైదానంలో చేరాలనీ, వార్డెన్లు తమ వారిని లెక్కపెట్టి చీఫ్ వార్డెన్‌కు చెప్పాలనీ అందులో ఉంది. చదివినప్పుడు నాకు ఏ లోపమూ కనిపించలేదు.

అలారం మోగగానే జాకెట్ తొడుక్కుని, మెట్లకు దూరంగా ఉన్న చివరి మూల నుంచి మొదలుపెట్టి, సమావేశ గది, మరుగుదొడ్లు, ఫైళ్ల గది చూసుకుంటూ మెట్ల వైపు వచ్చాను. ఆ దిశలో వస్తే చూసిన చోటికి మళ్లీ వెళ్లనవసరం ఉండదు. ప్రతి గది తలుపూ మూశాను కానీ తాళం వేయలేదు. మూసిన తలుపు పొగను కొంతసేపు ఆపుతుంది, తాళం వేసిన తలుపు మనుషులను ఆపుతుంది.

ఆరు నిమిషాల్లో అందరం బయట ఉన్నాం. పార్కింగ్‌లో లెక్క మాత్రం కుదరలేదు. మా అకౌంట్స్ వారు 23 మంది కావాలి, 22 మందే ఉన్నారు. చీఫ్ వార్డెన్‌కు ‘ఒకరు తక్కువ’ అని చెప్పాక, మరో ఎనిమిది నిమిషాలకు ఆ సహోద్యోగి వెనుక మైదానంలో దొరికారు. ఆయన సీటుకు వెనుక మెట్లే దగ్గర కాబట్టి అటు దిగారు, అందులో తప్పేమీ లేదు. నోటీసు ప్రకారం నడుచుకుని ఉంటే భవనం అద్దాల కిందుగా చుట్టి ముందుకు రావలసి వచ్చేది. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది నా మాటే: నిజంగా మంటలు రేగి ఉంటే, బయట క్షేమంగా ఉన్న మనిషి కోసం అగ్నిమాపక సిబ్బంది పొగలోకి వెళ్లేవారు.

సమీక్షలో ఈ విషయం లేవనెత్తాను. కొత్త నోటీసులో అసెంబ్లీ పాయింట్‌ను, అంటే బయటికి వచ్చాక చేరవలసిన చోటును, విభాగాన్ని బట్టి కాకుండా దిగిన మెట్లను బట్టి నిర్ణయించారు. రెండు చోట్లా ఒక్కో ఉప వార్డెన్ ఉండి ఫోన్‌లో పేర్లు సరిచూసుకుంటారు. వార్డెన్ మొదట చెప్పవలసింది తలల లెక్క కాదు, తన అంతస్తులో ఏ గదులు చూశారు, ఏవి చూడలేకపోయారు అన్నది. కచ్చితమైన సమయం బదులు వారం మాత్రమే ప్రకటించారు, ఎందుకంటే మొదటిసారి కొందరు 10:55కే మెట్ల దగ్గర నిలబడ్డారు. మెట్లు దిగలేనివారికీ, వారికి తోడుండేవారికీ మాత్రం సమయం ముందే చెప్పారు.

రెండో డ్రిల్‌లో ఫైళ్ల గదికి తాళం ఉంది. తలుపు తట్టి పిలిచాను, జవాబు రాలేదు. కిందికి దిగి, ‘మూడో అంతస్తు చూశాను, ఫైళ్ల గది తప్ప’ అని చెప్పాను.