వదిలేస్తే ఎవరు పట్టుకుంటారు?

ఫుట్‌బాల్ ఆట ముగిసి ఆరు గంటలైనా బావగారి కేక ఇంకా నా చెవుల్లో మోగుతోంది. "వాణ్ణి వదలొద్దురా!" అని ఆయన గీత పక్కన నిలబడి ఆట సాంతం అరిచారు. చిన్నోడు తండ్రి మాట జవదాటలేదు. అవతలి జట్టు తొమ్మిదో నంబరు కుర్రవాడు మధ్య వృత్తం దాకా వెనక్కి నడిస్తే, వెనక వరస మధ్యలో కుడివైపు కాసే సెంటర్ బ్యాక్‌గా ఆడుతున్న మావాడు పదిహేను మీటర్లు వాడి వెంటే వెళ్లాడు. మావాడు ఖాళీ చేసిన చోటులోకి వాళ్ల ఎడమ వింగర్ ఏటవాలుగా దూసుకొచ్చి గోలు కొట్టాడు.

మనిషిని కాసే పద్ధతిలో మన డిఫెండరు ఎక్కడ నిలబడాలో ప్రత్యర్థి నిర్ణయిస్తాడు. చోటును కాసే జోనల్ పద్ధతిలో ముందు బంతిని, ఆ తర్వాత పక్కవాణ్ణి చూసి నిలబడాలి. మైదానం వెడల్పు సుమారు 68 మీటర్లు. వెనక వరసలోని నలుగురు దాన్నంతా కాయలేరు కనుక, బంతి కుడి అంచున ఉంటే కుడి బ్యాక్ దాని మీదికి వెళ్తాడు, అతని వెనక కాస్త లోపలగా సెంటర్ బ్యాక్ నిలుస్తాడు, మిగిలిన ఇద్దరూ అటే జరుగుతారు. ఎడమ అంచున ఒక వింగర్ ఒంటరిగా మిగిలినా కంగారు పడనక్కర్లేదు, బంతి అంత దూరం గాలిలో వెళ్లేలోపు నలుగురూ తిరిగి జరగగలరు.

ఇదంతా బావగారికి చెప్పబోయి ఊరుకున్నాను, ఎందుకంటే ఒంగోలు మ్యాచి గుర్తొచ్చింది. కాలేజీ రోజుల్లో అక్కడ నేను ఎడమ బ్యాక్‌ని. వాళ్లు బంతిని వెనక్కి ఆడగానే మా ముగ్గురూ పైకి కదిలారు, నేను మాత్రం నా పక్కనున్న వింగర్ మీద కన్నేసి రెండడుగులు వెనకే ఉండిపోయాను. బంతి వదిలిన క్షణానికి వాళ్ల ఫార్వర్డ్ మా ముగ్గురినీ దాటి ఉన్నా, నా కన్నా ముందుకు రాలేదు. వాడు మా వరసంతా దాటి నిలిచాడు, ఆఫ్‌సైడ్ అనుకుని చెయ్యెత్తి నిలబడ్డాను. ఆ రెండడుగుల వల్లే అది ఆఫ్‌సైడ్ కాలేదు. తిరుగు బస్సులో సింగరాయకొండ దాటేదాకా కెప్టెన్ నాతో మాట్లాడలేదు. పైకి జరగడానికి అందరికీ ఒకటే గుర్తు ఉండాలి: బంతి ఉన్నవాడు మనవైపు తల ఎత్తలేకపోతే జరగాలి, ఒత్తిడి లేకుండా తీరిగ్గా చూస్తుంటే వెనక్కి దిగాలి.

రాత్రి క్యారమ్ కాయలు నాలుగు వరసగా పేర్చి చిన్నోడికి పాఠం మొదలుపెట్టాను. వాడు ఒక కాయను ముందుకు తోసి, "మామా, నేను వదిలేస్తే వాణ్ణి ఎవరు పట్టుకుంటారు? మన మిడ్‌ఫీల్డర్ వెనక్కి రాలేదు కదా" అన్నాడు.

నిజమే. అప్పగించడానికి ఎదురుగా మనిషి లేనప్పుడు వదిలేస్తే, ఆ తొమ్మిదో నంబరు మన గోలు వైపు తిరిగి, నింపాదిగా చూసుకుని బంతి పంపేవాడు. చిన్నోడు వెళ్లడం తప్పు కాదు. వాడి చోటులోకి మిగతా ముగ్గురూ దగ్గరగా జరగకపోవడమే తప్పు. పైగా పెనాల్టీ బాక్సులోకి క్రాస్ వస్తున్నప్పుడు చోటు కాస్తూ కూర్చుంటే కుదరదు, దగ్గరున్న మనిషిని పట్టుకోవాల్సిందే. అక్కడ బావగారి కేకే సరైనది.

మనవాళ్లు రెండు గోల్స్ కొట్టి గెలిచారు, ఆ సంగతి చెప్పనే లేదు. క్యారమ్ కాయలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి, ఒకటి ముందుకు జరిగి, మూడు కదలకుండా.