ఇల్లు ఖాళీ అయింది, జబ్బు పోలేదు

పాడైపోయిన టార్చిలైటు నా చేతికొస్తే నాకు అందులో మూడు వస్తువులు కనిపిస్తాయి. రిఫ్లెక్టరు కాంతి పాఠానికి పనికొస్తుంది. స్ప్రింగు ఇంకో టార్చిలో పడుతుంది. స్విచ్చు ఎలాగూ బాగానే ఉంది. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ చెప్పినవాణ్ణి. ప్రయోగశాల లేని బళ్లో ఇలాంటి ముక్కలతోనే పాఠం నడిపాను. అలాంటిదాన్ని చెత్తలో వేయడమంటే ఎవరో పిల్లవాడికి దక్కాల్సిన ప్రయోగాన్ని నా చేత్తో నేనే పారేసినట్టు అనిపించేది. బయటివాళ్లు దీన్ని పిసినారితనం అన్నారు, బద్ధకం అన్నారు. లోపల ఉన్నది మాత్రం బాధ్యత. నా చేతికొచ్చిన వస్తువు వృథా కాకుండా చూడాల్సింది నేనే అన్న బరువు.

మలక్‌పేటలో మా రెండు పడగ్గదుల ఇల్లు అలాగే నిండింది. గురువారం జుమ్మేరాత్ బజారుకెళ్లి పాత రేడియోలు, మీటర్లు తెచ్చేవాణ్ణి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు కొనేవాణ్ణి. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే, రిటైరయ్యాక అదుపు తప్పింది. డైనింగ్ టేబుల్ మీద తినడం ఎప్పుడో మానేశాం. మంచం మీద సగం పేపర్ల కట్టలే ఉండటంతో నా భార్య హాల్లో చాప వేసుకునేది. వంటగదిలోకి పక్కకు తిరిగి వెళ్లాలి. ఇలా వస్తువులు వదల్లేక పోగేసుకునే జబ్బును హోర్డింగ్ డిజార్డర్ అంటారు. దీన్ని డాక్టర్లు సామాను లెక్కపెట్టి తేల్చరు. ఆ గది ఏ పనికోసం ఉందో ఆ పని అందులో జరుగుతోందా, వస్తువు వదలాలంటే మనిషి ఎంత అల్లాడుతున్నాడు అన్నవే చూస్తారు. ఒకప్పుడు దీన్ని, వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ వెంటాడే ఓసీడీ అనే జబ్బులో ఒక భాగంగా చూసేవారట. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన మానసిక జబ్బుల జాబితాలో వేరే జబ్బుగా చేర్చింది.

అన్నీ గుట్టలుగానే ఎందుకుంటాయని మా అబ్బాయి చాలాసార్లు అడిగాడు. బీరువాలో పెడితే కనపడదు, కనపడకపోతే మర్చిపోతానన్న భయం. అందుకని ముఖ్యమైనది ఎప్పుడూ పైన పెడతాను. మర్నాడు దాని మీదికి ఇంకో ముఖ్యమైనది వస్తుంది. పైగా మిగతావాళ్లకు ‘వైర్లు’ అని ఒక్క రకంగా కనిపించేవి నాకు దేనికదే వేరు. ఏ రెండూ ఒక డబ్బాలో ఇమడవు. అలా కరెంటు బిల్లు కింద పెళ్లికార్డు, దాని కింద పాత పేపరు, ఆ పేపరు మడతలో పెన్షన్ కాగితం ఉండేవి.

ఒకరోజు నా భార్య ఆ గుట్టల మధ్య జారిపడి మణికట్టు విరిగింది. తర్వాత కొద్ది రోజులకు నేను ఒక పెళ్లికి సూర్యాపేట వెళ్తే, అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చి పాతసామాన్ల వాళ్లను పిలిచి అంతా ట్రాలీ ఆటోలకెత్తించాడు. తల్లి మీద ప్రేమతో చేశాడు, అందులో నాకెప్పుడూ సందేహం లేదు. నేను తిరిగొచ్చేసరికి గచ్చు కనిపిస్తోంది, గోడలు కనిపిస్తున్నాయి. “నాన్నా, ఇప్పుడు చూడు ఇల్లెంత బాగుందో” అన్నాడు. నాకు కాళ్లలో వణుకు. ఆ రాత్రంతా ఏమేం పోయాయో గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. పెన్షన్ పేపర్ల ఫైలు, మా ఇంటి పన్ను రసీదులు కూడా పోయాయి. తీసేవాళ్లకు అవి ఏ మడతలో ఉన్నాయో ఎలా తెలుస్తుంది?

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. నా గదికి తాళం వేయడం మొదలుపెట్టాను. అబ్బాయి వస్తున్నాడంటే గుండె దడ. పోయినవాటికి బదులు తెచ్చుకోవాలని, ఈసారి ఎవరూ ముట్టుకోకముందే దాచాలని బజారుకు మరింతగా తిరిగాను. ఏడాది తిరక్కుండానే ఇల్లు మళ్లీ మునుపటిలాగే అయింది. ఆ రోజు ట్రాలీ ఎక్కినవి వస్తువులు మాత్రమే. తెచ్చుకోవాలన్న తహతహ, ఏది వదలాలో తేల్చుకోలేని ఇబ్బంది నాతోనే ఇంట్లో ఉండిపోయాయి.

నా భార్యే నన్ను ఒక సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ మొదటి రోజే, “మాస్టారూ, మీ అనుమతి లేకుండా మీ ఇంట్లో అగ్గిపుల్ల కూడా నేను ముట్టుకోను” అన్నారు. ఆ మాటతోనే తాళం తీశాను. 2012లో అచ్చయిన ఒక పరిశోధన గురించి ఆవిడే చెప్పారు. ఈ జబ్బున్నవాళ్లకు వాళ్ల సొంత కాగితాలు, ఇతరుల కాగితాలు చూపించి, ఉంచాలా చింపాలా తేల్చమంటూ మెదడును స్కాన్ చేశారు. ఇతరుల కాగితాలప్పుడు మందకొడిగా ఉన్న భాగాలే సొంత కాగితం రాగానే విపరీతంగా పనిచేశాయట. ఏది ముఖ్యం, ఎక్కడ పొరపాటు జరగబోతోంది అని తూచే భాగాలవి. ఒక పాత బిల్లు దగ్గర నాకు చెమటలెందుకు పట్టేవో అప్పుడర్థమైంది.

వైద్యం ఎలా ఉంటుందో పేపర్ల సంచితో చెబుతాను. సంచి మొత్తం కాదు, ఒక్క పేపరు. దాన్ని వదిలితే ఎంత బాధ కలుగుతుందో సున్నా నుంచి వంద వరకు అంకె వేయమన్నారు. నేను 85 వేశాను. ఏం జరుగుతుందని భయం అని అడిగితే, “అందులో సూర్యగ్రహణం మీద వ్యాసం ఉంది, అవసరమైనప్పుడు దొరకదు” అన్నాను. దాన్ని కూడా రాయించారు. ఆ వ్యాసం చివరిసారి ఎప్పుడు చదివారు, అదే సమాచారం ఇంకెక్కడైనా దొరుకుతుందా అని అడిగారు తప్ప పారేయమని ఒక్కసారి కూడా అనలేదు. చివరికి నేనే తీసుకెళ్లి కింద పాతపేపర్ల అతనికిచ్చాను. గంట తర్వాత అంకె 60. మర్నాడు 20. వారం తర్వాత ఆ వ్యాసం అవసరం పడిందా అంటే లేదు. ఆ తగ్గుదల నేను స్వయంగా చూడాలి. ఇంకొకరు తీసి పారేస్తే అది చూసే అవకాశమే ఉండదు, బాధ 85 దగ్గరే ఆగిపోతుంది.

కొనడం మీద సాధన కూడా ఇలాగే సాగింది. ముందు బస్సులోంచే ఆబిడ్స్ దుకాణాలు చూసి వచ్చేయడం. తర్వాత నడిచి వెళ్లడం. ఆ తర్వాత పుస్తకం చేతిలోకి తీసుకుని, తహతహ తగ్గేదాకా నిలబడి, తిరిగి పెట్టేయడం. ఇదే అన్నిటికన్నా కష్టం. ఈ పద్ధతిని రూపొందించిన పరిశోధకులు దాదాపు 26 సెషన్లుగా అమర్చారు. నాకు అంతకన్నా ఎక్కువే పట్టింది. చాలామందికి తగ్గుతుంది గానీ పూర్తిగా పోయేవాళ్లు తక్కువని సైకాలజిస్టు ముందే చెప్పారు.

ప్రాణాపాయం ఉంటే ఆగడం కుదరదు. పొయ్యి చుట్టూ, కరెంటు బోర్డు ముందు, గుమ్మం దాకా నడిచే దారిలో వెంటనే తీయాల్సిందే. మా ఇంట్లో అవి మొదట తీశాం, పడిపోకుండా, నిప్పంటుకోకుండా. అప్పుడు కూడా ప్రతి వస్తువూ నేను చూశాకే కదిలింది. అబ్బాయి ఇప్పుడు ఫోన్ చేసి “నాన్నా, ఏం పారేశావ్” అని అడగడు. “ఈ వారం ఏ గది చేస్తున్నావ్” అంటాడు. వాడి మీద కోపం పూర్తిగా పోయిందని చెప్పలేను, కానీ తాళం తీసేశాను.

టేబుల్ మీద అన్నం తింటున్నాం. మంచం ఖాళీ అయింది. వెనక గది ఇంకా మొదలుపెట్టలేదు. అందులో మా నాన్న రేడియో, నేను పాఠాలకు వాడిన సామాను ఉన్నాయి. సులువైనవాటి నుంచి కష్టమైనవాటికి వెళ్లాలని మా ఒప్పందం కాబట్టి వాటి వంతు ఆఖరున వస్తుంది. ఈ నెల పుస్తకాల అరలు చేస్తున్నాం.