తలుపుకి అటువైపు నిలబడ్డ చిట్టి

రాత్రి రెండు గంటలకు గోళ్ల చప్పుడుకి మెలకువ వచ్చింది. లేచి చూస్తే మా చిట్టి తలుపు దగ్గర నిలబడి ఉంది. గడియ వైపు కాదు, మడతబందుల వైపు. 13 ఏళ్లుగా ఆ తలుపులోంచి తిరిగిన కుక్క, ఆ సందులో ముక్కు పెట్టి అది తెరుచుకుంటుందని ఎదురుచూస్తోంది. పిలిస్తే నా వైపు చూసింది గానీ వెనక్కి తిరగడం తెలియలేదు.

వయసు మీద పడిందిలే అనుకుని రెండు నెలలు ఊరుకున్నాను. ఆ రెండు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. రాత్రికి నాలుగైదుసార్లు లేచేది, పగలంతా నిద్రపోయేది.

ముసలి కుక్కలకు వచ్చే మతిమరుపు జబ్బు గురించి నేనే డాక్టరుగారిని అడిగాను. "కావచ్చు, కానీ దాన్ని తేల్చే రక్తపరీక్ష లేదండి. మిగతావి కాదని చూశాకే ఆ పేరు పెట్టాలి" అన్నారు. ఒక్కరోజులో మొదలైందా, మెల్లగా వచ్చిందా అని అడిగారు. ఉన్నట్టుండి తల ఒక పక్కకు వాలి, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటూ తూలితే అది చాలాసార్లు లోపలి చెవి సమస్యట. చిట్టికి అలా లేదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కిడ్నీలు, షుగర్, థైరాయిడ్, బీపీ, కంటిచూపు అన్నీ చూశారు. బాగానే ఉన్నాయి. తుంటి నొక్కినప్పుడు మాత్రం కాలు వెనక్కి లాక్కుంది. కీళ్ల అరుగుదల.

ముందు రెండు వారాలు నొప్పి మందు వాడమన్నారు, రాత్రిళ్లు ఫోన్‌లో వీడియో తీయమన్నారు. ఆ వీడియోలే అసలు సంగతి చెప్పాయి. మందుకు ముందు చిట్టి లేచి, ఒగరుస్తూ, పక్క మార్చి మార్చి పడుకునేది. అది పోయింది. కానీ మూలలో ఇరుక్కుని గోడకేసి చూస్తూ ఉండిపోవడం పోలేదు. నొప్పి ఉన్న కుక్కకు తానెక్కడున్నదీ తెలుస్తుంది, పడుకోవడమే కుదరదు. చిట్టికి రెండూ ఉన్నాయన్నమాట.

అప్పుడు ఆ మతిమరుపు జబ్బుకు ఇచ్చే సెలెజిలిన్ అనే మందు మొదలుపెట్టారు, రోజూ ఉదయం ఒకసారి. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర లాంటి కొన్ని మందులతో అది కలవకూడదని, వాడుతున్న ప్రతి మాత్ర పేరూ మళ్లీ అడిగి రాసుకున్నారు. నెల దాటితే గానీ తేడా తెలియకపోవచ్చన్నారు. మూడో వారంలో మానేద్దామనిపించింది, టెన్షన్ పడుతూనే కొనసాగించాను. హాల్లో చిన్న లైటు రాత్రంతా వెలిగించి ఉంచాను, నీళ్ల గిన్నె చోటు మార్చలేదు, సాయంత్రం ఎండలో కాసేపు నడిపించాను. ఆరో వారానికి రాత్రికి ఒక్కసారే లేచేది.

జబ్బు నయం కాలేదు, నెమ్మదిగా ముదురుతుందని తెలుసు. ఇప్పటికీ అప్పుడప్పుడూ మడతబందుల వైపే నిలబడుతుంది. నేను ఎదురుగా వెళ్లి, నన్ను చూశాక భుజం మీద చెయ్యి వేసి గడియ వైపు తిప్పుతాను. అక్కడి నుంచి తనే వెళ్తుంది.