కాంటా డిస్‌ప్లే పని, 4వ భాగం: సున్నా సరిగ్గా వస్తుంది, బస్తా పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి, మక్కల బస్తాలు తూచే ప్లాట్‌ఫాం కాంటాల్లో చాలావాటికి వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్ట్ ఉంటుంది. దాని నుంచి తూకం తీసుకుని, దూరం నుంచి కూడా కనిపించే పెద్ద అంకెల బోర్డు మీద చూపించడం ఈ పని లక్ష్యం. కాంటా లోపలికి చేయి పెట్టేది లేదు. తూనికల శాఖ వేసిన సీలు జోలికి వెళ్లకుండా బయటి పోర్ట్‌తోనే పని కానివ్వాలి.

పోయిన భాగంలో ఆగిన చోటు ఇది. స్పీడ్ 2400, సెట్టింగ్ 8N1, అంటే ఎనిమిది డేటా బిట్లు, తప్పు పట్టే ప్యారిటీ బిట్ లేదు, ఒక స్టాప్ బిట్ అనుకుని చదివితే ఖాళీ కాంటా `+000.00` అని చక్కగా వస్తోంది. 41.26 కిలోల బస్తా పెడితే `+0´±.²6` వస్తోంది. తర్వాతి బస్తా 39.60 అయితే మళ్లీ `+039.60` అని తప్పు లేకుండా వస్తోంది. ఇలాంటప్పుడు ఎవరైనా ముందు కేబుల్‌నే అనుమానిస్తారు. కానీ అదే బరువుకు ప్రతిసారీ అదే తప్పు వస్తుంటే అది కేబుల్ చేసే పని కాదు. లైన్ మీద ఏముందో కంటితో చూడాల్సిందే.

తీగలు

ఆర్ఎస్-232 లైన్‌ను లాజిక్ అనలైజర్‌కు నేరుగా కలపకూడదు. ఖాళీగా ఉన్నప్పుడు ఆ లైన్ మైనస్ వోల్టుల్లో ఉంటుంది, 5 వోల్టుల అనలైజర్ ఇన్‌పుట్ దాన్ని తట్టుకోలేదు. మధ్యలో మ్యాక్స్ 3232 మాడ్యూల్ పెట్టి, దానికి 3.3 వోల్టులు ఇచ్చి, దాని అవుట్‌పుట్‌ను అనలైజర్ మొదటి ఛానల్‌కు కలిపితే సరిపోతుంది. గ్రౌండ్ అన్నిటికీ ఒకటే ఉండాలి. మాడ్యూల్ సిగ్నల్‌ను తిరగేసి ఇస్తుంది కాబట్టి ఇక్కడినుంచి ఖాళీ లైన్ పైన ఉంటుంది, స్టార్ట్ బిట్ కిందికి పడుతుంది.

కాంటా పంపేది 2వ పిన్ను మీదనా, 3వ పిన్ను మీదనా అన్నది మల్టీమీటర్ చెప్తుంది. నల్ల ప్రోబ్ 5వ పిన్ను మీద ఉంచి చూస్తే, పంపే పిన్ను సాధారణంగా మైనస్ 5 నుంచి మైనస్ 10 వోల్టుల మధ్య కనిపిస్తుంది. వినే పిన్ను సున్నా దగ్గరే ఉంటుంది.

మొదటి స్టార్ట్ బిట్ పట్టుకోవడం

అనలైజర్ పట్టిన సిగ్నల్‌ను బొమ్మగా చూపించే పల్స్‌వ్యూ ప్రోగ్రాంలో సెకనుకు 10 లక్షల శాంపిళ్లు పెట్టి రెండు సెకన్లు రికార్డ్ చేస్తే చాలు. 2400 స్పీడ్‌లో ఒక బిట్ వెడల్పు 416.7 మైక్రోసెకన్లు, అంటే ఒక్కో బిట్‌కు నాలుగు వందలకు పైగా శాంపిళ్లు పడతాయి.

బొమ్మలో కిందికి పడే ప్రతి అంచూ స్టార్ట్ బిట్ కాదు. డేటాలో ఒకటి తర్వాత సున్నా వచ్చినా లైన్ అలాగే పడుతుంది. ఈ కాంటా పంపే ఒక్కో అక్షరానికి పది బిట్లు పడుతున్నాయి. స్టార్ట్ పోను మిగిలిన తొమ్మిదీ ఒకట్లే అయినా లైన్ పైన ఉండేది 3.75 మిల్లీసెకన్లే. అంతకన్నా ఎక్కువసేపు పైన ఉంటే అది ఖాళీ సమయం. దాని తర్వాత మొదట పడే అంచే నిజమైన స్టార్ట్. అక్కడ కర్సర్ పెట్టి ముందుకు లెక్కపెట్టాలి. స్ట్రింగ్ మధ్యలో ఎక్కడో మొదలుపెట్టి చదివితే ఏదో ఒక అక్షరం వస్తుంది, అది నిజమో కాదో తేల్చుకోలేం.

'4'ను చదవడం

స్ట్రింగ్‌లో మొదట `+`, తర్వాత `0`, మూడోది `4`. అక్షరాల మధ్య ఖాళీ లేదు కాబట్టి మూడో స్టార్ట్ బిట్ మొదటిదాని నుంచి 8.33 మిల్లీసెకన్ల దూరంలో ఉంటుంది. అక్కడినుంచి లైన్ ఇలా నడిచింది: 1250 మైక్రోసెకన్లు కింద, 417 పైన, 417 కింద, 833 పైన, 417 కింద, మళ్లీ 833 పైన. ఒక్కోదాన్ని 417తో భాగిస్తే 3, 1, 1, 2, 1, 2 బిట్లు. మొత్తం పది.

```
start | b0 b1 b2 b3 b4 b5 b6 | ? | stop
  0   |  0  0  1  0  1  1  0 | 1 |  1
```

మొదట వచ్చేది అన్నిటికన్నా తక్కువ విలువున్న బిట్. ఎడమనుంచి కుడికి కనిపించినట్టే 0010110 అని రాసుకుంటే 0x16 అవుతుంది, అది అంకే కాదు. తిరగేసి 0110100 అని రాస్తే 0x34, అదే ఆస్కీలో '4'. బొమ్మలు చేత్తో చదివేటప్పుడు ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

ఇక మిగిలింది ప్రశ్నగుర్తు పెట్టిన బిట్. దాన్ని ఎనిమిదో డేటా బిట్‌గా తీసుకుంటే 0xB4 అవుతుంది, అంటే స్క్రీన్ మీద కనిపించిన ఆ `´` గుర్తు. ప్యారిటీగా తీసుకుంటే లెక్క కుదురుతుంది: 0110100లో ఒకట్లు మూడు, దాన్ని సరిసంఖ్య చేయడానికి కాంటా ఇంకో ఒకటి చేర్చింది.

ఒక్క అక్షరంతో దీన్ని తేల్చేయకూడదు. ప్యారిటీ బిట్ ఎప్పుడూ ఒకటిగానే ఉండే సెట్టింగ్ కూడా ఉంది, '4' ఒక్కటే చూస్తే ఆ రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే '3' కూడా చదవాలి. 0110011లో ఒకట్లు నాలుగు, దాని ఎనిమిదో బిట్ సున్నా వచ్చింది. అన్ని అంకెలకూ ఇలా లెక్క వేస్తే 1, 2, 4, 7, 8లకు ఆ బిట్ ఒకటి. 0, 3, 5, 6, 9లకు సున్నా. బొమ్మలో అలాగే ఉంది, కాబట్టి ఇది 7E1, అంటే ఏడు డేటా బిట్లు, సరిసంఖ్య ప్యారిటీ, ఒక స్టాప్ బిట్. ఖాళీ కాంటా, 39.60 ఎందుకు సరిగ్గా వచ్చాయో కూడా దీంతో తేలిపోయింది. వాటిలో ఉన్న అంకెలన్నీ రెండో గుంపులోవే. `+`, చుక్క కూడా సరిసంఖ్య ఒకట్లు ఉన్నవే కాబట్టి అవీ చెడలేదు.

ఇది ఇన్నాళ్లు దాక్కోవడానికి కారణం పొడవు. 7E1లో స్టార్ట్, ఏడు డేటా, ప్యారిటీ, స్టాప్ కలిపి పది. 8N1లోనూ పదే. స్టాప్ బిట్ తన చోటే ఉంటుంది కాబట్టి ఫ్రేమింగ్ ఎర్రర్ రాదు. అదే 8E1 అయితే పదకొండు బిట్లు. దాన్ని 8N1గా చదివితే ప్యారిటీ సున్నా అయిన ప్రతి అక్షరం దగ్గరా స్టాప్ బిట్ దొరక్క, డీకోడర్ వెంటనే గోల పెడుతుంది.

మార్చినది

```python
p = serial.Serial('/dev/ttyUSB0', 2400, bytesize=7, parity='E', stopbits=1)
```

పల్స్‌వ్యూ డీకోడర్‌లో `Data bits` 7, `Parity` even పెట్టాక 41.26 శుభ్రంగా వచ్చింది. పొరపాటున odd పెడితే ప్రతి అక్షరం మీదా ప్యారిటీ ఎర్రర్ పడుతుంది. సెట్టింగ్ తిరగబడిందని అదే ఆనవాలు. అక్కడొకటి ఇక్కడొకటి పడితే మాత్రం అప్పుడు కేబుల్ చూడాలి. రెండు బిట్లు ఒకేసారి చెడితే ప్యారిటీకి తెలియదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కాబట్టి బోర్డు మీద అంకె మార్చేముందు వరసగా రెండు స్ట్రింగ్‌లు ఒకేలా వచ్చాయా అని చూసుకోవడం మేలు.

8N1లోనే ఉంచి, వచ్చిన ప్రతి బైట్‌ను `& 0x7F` చేసినా అంకెలు సరిగ్గానే వస్తాయి. కానీ కాంటా పంపిన ప్యారిటీని చూడకుండా పారేసినట్టే. ధర తూకం మీద ఆధారపడే చోట అది మంచి పద్ధతి కాదు.

బోర్డు వైపు ఆర్డుయినో ఊనో ఆర్3 పెడితే ఒక ఇబ్బంది ఉంది. `SoftwareSerial` 8N1 తప్ప వేరేది చదవదు. హార్డ్‌వేర్ సీరియల్ చదువుతుంది గానీ ఊనోలో అది ఒక్కటే, యూఎస్‌బీ కూడా దాన్నే వాడుకుంటుంది. 0వ పిన్నుకు కాంటా తీగ తగిలించి ఉంటే ప్రోగ్రాం ఎక్కదు, ఎక్కించేటప్పుడు తీగ పీకాలి. మెగా బోర్డు అయితే ఈ తంటా లేదు. కాంటాను మ్యాక్స్ 3232 మాడ్యూల్ మీదుగా 19వ పిన్నుకు కలిపి ఈ ఒక్క లైన్ రాస్తే చాలు:

```cpp
Serial1.begin(2400, SERIAL_7E1);
```