బెడ్ లేవాల్సిన చోట లేవలేదు

ల్యాబ్‌లో మాకిచ్చిన పని చూడ్డానికి చిన్నదే. 5 సెంటీమీటర్ల వ్యాసమున్న గాజు గొట్టంలో అరకిలో గాజు పూసలు పోసి, కింది నుంచి గాలి పంపాలి. ఏ వేగం దగ్గర పూసలు నీళ్లలా కదలడం మొదలుపెడతాయో కనిపెట్టాలి. పూసల సైజు 0.30 మిల్లీమీటర్లు, సాంద్రత ఘనపు మీటరుకి 2500 కిలోలు.

సూత్రం కూడా సులువుగానే అర్థమైంది. గాలి పూసల మధ్య నుంచి దూరుకుంటూ పోయేటప్పుడు వాటిని పైకి తోస్తుంది. ఆ తోపు పూసల రాశి, అంటే బెడ్, బరువుకి సమానమైన క్షణంలో బెడ్ తేలుతుంది. అంటే బెడ్ కిందా పైనా ఉండే గాలి పీడనాల తేడాని, ప్రెషర్ డ్రాప్‌ని, గొట్టం వైశాల్యంతో గుణిస్తే బెడ్ బరువు రావాలి. మా లెక్కలో ఆ డ్రాప్ 255 మిల్లీమీటర్ల నీటి మట్టం. త్రాసు మీద తూచిన బరువుతోనే ఈ అంకె తెలిసిపోతుంది, గాలి పంపనవసరం కూడా లేదు. దీని విలువ నాకు తర్వాత తెలిసొచ్చింది.

వేగం కోసం, గాలి వేగాన్ని బట్టి బెడ్‌లో ప్రెషర్ డ్రాప్ ఎంతో చెప్పే ఎర్గన్ సమీకరణంలోని మొదటి భాగాన్ని ఈ బరువుతో సమానం చేశాను. ఇంత సన్నటి పూసలకి అది దాదాపు సరిపోతుంది:

```
u = d²(ρs − ρ) g ε³ / [150 μ (1 − ε)]
```

ఇందులో u గాలి వేగం, d పూస వ్యాసం, ρs పూసల సాంద్రత, ρ గాలి సాంద్రత, μ గాలి స్నిగ్ధత, g గురుత్వ త్వరణం. ε అంటే బెడ్‌లో ఖాళీ జాగా వాటా. పూసలు పోశాక గొట్టాన్ని బాగా తట్టి సర్దాను, ఎత్తు 16.2 సెంటీమీటర్లు వచ్చింది. పూసల ఘనపరిమాణం ఒక్కటే అయితే గొట్టంలో 10.2 సెంటీమీటర్లు నిండుతుంది. కాబట్టి ε 0.37. వేగం సెకనుకి 6.6 సెంటీమీటర్లు, గాలి ప్రవాహాన్ని కొలిచే రోటామీటర్ మీద నిమిషానికి దాదాపు 7.7 లీటర్లు.

గాలి తిప్పాను. 7.7 దాటినా బెడ్ రాయిలా కూర్చుంది. 8.5 దగ్గర ప్రెషర్ డ్రాప్ కొలిచే మానోమీటర్ 316 చూపిస్తోంది, ఉండాల్సింది 255! ఇంకాస్త తిప్పేసరికి బెడ్ ఒక్కసారిగా పగిలి, ఓ పక్క నుంచి బుడగలు ఎగిశాయి, మట్టం కిందికి జారింది. 11 దగ్గర 293, 16 దగ్గర 311. బెడ్ లేచాక సమంగా ఉండాల్సిన గీత పైకి ఎక్కుతూనే ఉంది. టెన్షన్‌లో మానోమీటర్ పైపులే మూడుసార్లు ఊడదీసి పెట్టాను. తప్పు అక్కడ లేదు.

"ఖాళీ గొట్టంతో రీడింగ్ తీశావా?" అన్నారు సార్. తీయలేదు. పూసలన్నీ దించేసి మళ్లీ గాలి పంపితే, అడుగున గాలిని అంతటా సమంగా పంచే డిస్ట్రిబ్యూటర్ ప్లేట్ ఒక్కటే 11 దగ్గర 40, 16 దగ్గర 58 తింటోంది. రెండు రీడింగులలోంచీ తీసేస్తే రెండు చోట్లా 253. తూచిన బరువుకి 2 మిల్లీమీటర్లే తేడా. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. ఇది 200 దగ్గర ఆగుంటే బెడ్ మొత్తం లేవలేదని, గాలి ఒక దారి చేసుకుని పోతోందని అనుమానించాల్సి వచ్చేది.

కానీ 8.5 దగ్గరి ఆ గుట్ట సంగతి? ప్లేట్ వాటా 31 తీసేసినా 285 మిగులుతుంది. తట్టి సర్దిన పూసలు ఒకదానికొకటి బిగుసుకుని, గోడను కూడా పట్టుకుని ఉంటాయి. వాటిని విడదీయడానికి గాలి బరువు కంటే ఎక్కువ తోయాలి. నేను వెతుకుతున్నది ఆ పట్టు విడిపోయే వేగం కాదు.

అందుకే ఈసారి తిరగేసి చేశాను. గాలి 16 దాకా పెంచి, బెడ్ బాగా ఉడుకుతుండగా, అర లీటరు చొప్పున తగ్గిస్తూ వచ్చాను. ప్లేట్ వాటా తీసేశాక గీత 253 దగ్గర సమంగా నడిచి, 11కి కొద్దిగా ముందు వంగి, అక్కడి నుంచి దాదాపు సూటిగా సున్నా వైపు దిగింది. రెండు గీతలూ పొడిగించి కలిపితే 10.9 లీటర్లు, అంటే సెకనుకి 9.2 సెంటీమీటర్లు. గుట్ట జాడే లేదు.

గాలి ఆపాక ఎత్తు చూశాను. 17.3! నేను తట్టి సర్దినప్పటి కంటే ఒక సెంటీమీటర్ పైనే ఎక్కువ. ε 0.41 అన్నమాట. సమీకరణంలో ε ఘనంలో ఉంటుంది కదా, ఆ కాస్త తేడాకే వేగం 6.6 నుంచి 9.5కి ఎగబాకింది. ఎర్గన్ రెండో భాగం కూడా కలిపితే అది 9.2కి దిగుతుంది.

రికార్డులో మొదటి ఎత్తును కొట్టేయలేదు. 16.2 పక్కన "తట్టాక", 17.3 పక్కన "గాలి తగ్గించి ఆపాక" అని రాసి, లెక్కకి రెండోదే వాడాను.